చెరి సగం కంపెనీ: విడిపోయే రోజు కోసం ముందే రాసుకునే ఒప్పందం

ఇద్దరు స్నేహితులు హైదరాబాద్‌లో కంపెనీ పెట్టారనుకుందాం. ఆమె ఇంజనీరు. మిర్చి నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీల్లో చలి, తేమ ఎంతున్నాయో కొలిచి యజమాని ఫోనుకు పంపే పరికరం తయారు చేస్తారు. ఆయన గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల యజమానులను కలిసి దాన్ని అమ్ముతారు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా రిజిస్టర్ చేయించి, పది రూపాయల ముఖవిలువతో 9,600 షేర్లు జారీ చేసి, చెరి 4,800 తీసుకున్నారు. ఇద్దరూ డైరెక్టర్లే. వేరే ఒప్పందమేమీ రాసుకోలేదు.

పద్నాలుగో నెల చివర ఆయనకు బెంగళూరులో మంచి ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోయారు. సగం కంపెనీ ఆయన పేరుమీదే ఉండిపోయింది. ఆమె ఇంకో ఐదేళ్లు కష్టపడి కంపెనీని పైకి తెచ్చినా, వచ్చిన విలువలో సగం ఆయనదే. డబ్బు సంగతి అలా ఉంచితే, అధికారం కూడా సగం ఆయన చేతిలోనే ఉంది. కంపెనీల చట్టం, 2013 ప్రకారం సాధారణ తీర్మానం నెగ్గాలంటే అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకన్నా ఎక్కువ ఉండాలి. ప్రత్యేక తీర్మానానికి వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు అనుకూల ఓట్లు కావాలి. ఆయన కాదంటే రెండూ నెగ్గవు. ఆయన్ను డైరెక్టరు పదవినుంచి తొలగించాలన్నా సాధారణ తీర్మానం కావాలి కాబట్టి అదీ కుదరదు. ఇందులో ఆయన చేసిన తప్పేమీ లేదు. షేరు కొన్నవాడు పని మానేస్తే షేరు వదులుకోవాలని చట్టంలో ఎక్కడా లేదు. వదులుకోవాలంటే ఆ మాట వాళ్లిద్దరే ముందుగా రాసుకుని ఉండాలి.

ఫౌండర్ల షేర్‌హోల్డర్ అగ్రిమెంటు ప్రధానంగా మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మధ్యలో వెళ్లిపోయేవాళ్ల షేర్లు ఏమవుతాయి? ఉన్నవాళ్లు తమ షేర్లను ఎవరికి అమ్మవచ్చు? ఇద్దరికీ మాట కలవనప్పుడు నిర్ణయం ఎలా జరుగుతుంది? ఈ మూడింటినీ ఇదే కంపెనీతో చూద్దాం.

పనిచేసిన నెలకు వంద షేర్లు

మొదటి ప్రశ్నకు జవాబు వెస్టింగ్. ఉద్యోగులకు ఇచ్చే స్టాక్ ఆప్షన్లలో ముందు పని చేస్తారు, తరవాత షేరు వస్తుంది. ఫౌండర్లది దీనికి తలకిందులు. కంపెనీ పుట్టిన రోజే వాళ్లు షేర్లు కొనేసి ఉంటారు. అందుకని ఒప్పందంలో ఇలా రాసుకుంటారు: షేర్లన్నీ ఈరోజే నీ పేరుమీద ఉన్నాయి, ఓటు హక్కు కూడా నీదే, కానీ నువ్వు పనిచేస్తున్న కొద్దీ మాత్రమే అవి పూర్తిగా నీవవుతాయి. ఈలోగా వెళ్లిపోతే మిగిలినవి వెనక్కి ఇచ్చేయాలి.

స్టార్టప్‌లలో ఎక్కువగా కనిపించే గడువు నాలుగేళ్లు, అంటే 48 నెలలు. మన కంపెనీలో ఒక్కొక్కరికి 4,800 షేర్లున్నాయి కాబట్టి నెలకు వంద చొప్పున లెక్క తేలిగ్గా ఉంటుంది. మొదటి ఏడాదికి క్లిఫ్ అనే షరతు పెడతారు. పన్నెండు నెలలు నిండకుండా వెళ్లిపోతే ఒక్క షేరూ మిగలదు. నిండిన రోజున 1,200 షేర్లు ఒక్కసారిగా సొంతమవుతాయి, ఆ తరవాత నెలకు వంద. నిబంధనను ఇలా రాయవచ్చు:

"ప్రతి ఫౌండర్‌కు చెందిన 4,800 షేర్లలో 1,200 షేర్లు ప్రారంభ తేదీనుంచి 12 నెలలు పూర్తయిన రోజున, మిగిలినవి ఆ తరవాత పూర్తయిన ప్రతి నెలకు 100 చొప్పున వెస్ట్ అవుతాయి. ఫౌండర్ కంపెనీ పనినుంచి తప్పుకున్న తేదీకి వెస్ట్ కాని షేర్లను, నోటీసు అందిన 30 రోజుల్లో, షేరుకు రూ. 10 చొప్పున మిగిలిన ఫౌండర్‌కు బదిలీ చేయాలి. తప్పుకున్న తేదీనుంచి ఆ ఫౌండర్ డైరెక్టరు పదవికి రాజీనామా చేసినట్టే. అందుకు అవసరమైన రాజీనామా లేఖ వెంటనే ఇవ్వాలి."

పద్నాలుగు నెలలు పనిచేసిన ఆయనకు ఈ లెక్కన 1,400 షేర్లు మిగులుతాయి. మిగతా 3,400 షేర్లకు ఆమె రూ. 34,000 చెల్లించి తీసుకుంటారు. ఆమెవి 8,200 షేర్లు అవుతాయి, అంటే సుమారు 85.4 శాతం. ఆయనకు 14.6 శాతం. ఇప్పుడు ఆమె ఒక్కరే ప్రత్యేక తీర్మానం కూడా నెగ్గించుకోగలరు. ఆయన చేసిన పద్నాలుగు నెలల పనికీ విలువ దక్కింది.

ఈ నిబంధనలో గొడవంతా "తప్పుకున్న" అన్న ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. తనంతట తాను రాజీనామా చేయడం, జబ్బు చేసి పని చేయలేకపోవడం, చనిపోవడం, మోసం చేసి దొరికిపోవడం, ఏ కారణమూ లేకుండా మరో ఫౌండర్ బయటికి పంపేయడం: ఇవన్నీ ఒక్కటి కావు. అందుకే ఒప్పందాల్లో సవ్యంగా వెళ్లినవారు, తప్పు చేసి వెళ్లినవారు అని రెండు తరగతులు పెడతారు. జబ్బు, మరణం, కారణం లేని తొలగింపు మొదటి తరగతి. అక్కడ మరికొన్ని నెలల షేర్లు అదనంగా వెస్ట్ చేస్తామనో, కారణం లేకుండా తీసేస్తే మొత్తం వెస్ట్ అయినట్టేననో రాసుకోవచ్చు. ఈ రక్షణ లేకపోతే పదకొండో నెలలో స్నేహితుణ్ని పంపించేసి షేర్లన్నీ కాజేయడానికి క్లిఫే దారి చూపిస్తుంది. మోసం జరిగిందో లేదో తేల్చేది ఎవరో కూడా రాయాలి. ఇద్దరే ఉన్న కంపెనీలో ఆరోపించినవారే తీర్పు చెప్పకూడదు కాబట్టి ఆ పని బయటి మధ్యవర్తికి అప్పగించాలి.

తప్పు చేసినవారి దగ్గర వెస్ట్ అయిన షేర్లను కూడా పది రూపాయలకే లాగేసుకోవాలని కొందరు రాస్తారు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం, ఒప్పందం తప్పితే ఇంత అని ముందే రాసుకున్నా కోర్టు సమంజసమైన పరిహారం వరకే ఇప్పిస్తుంది. దీన్ని చూపించి అంత కఠినమైన నిబంధనను సవాలు చేయడానికి వీలుంది. మార్కెట్ విలువలో కొంత కోత పెట్టి తీసుకుంటామని రాసుకుంటే నిలబడే అవకాశం ఎక్కువ.

వెనక్కి వచ్చే షేర్లకు దారి

చాలా ఒప్పందాల్లో "వెస్ట్ కాని షేర్లను కంపెనీ వెనక్కి తీసుకుంటుంది" అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. ఇది మన దేశంలో అంత సులువుగా నడవదు. కంపెనీ తన షేర్లను తానే కొనాలంటే సెక్షన్ 68 షరతులు పాటించాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో మొత్తం ఈక్విటీ షేర్లలో 25 శాతానికి మించి కొనకూడదు. మన ఉదాహరణలో 3,400 షేర్లంటే 35 శాతం పైమాటే. అందుకే మిగిలిన ఫౌండర్ కొనడమే ఎక్కువమంది పాటించే దారి.

కొనేటప్పుడు పన్ను ఎదురొస్తుంది. ఆదాయపు పన్ను చట్టం అన్‌లిస్టెడ్ షేర్లకు ఒక న్యాయమైన విలువను లెక్కగడుతుంది. ఈక్విటీ షేర్లకు ఆ లెక్క ముఖ్యంగా కంపెనీ పుస్తకాల్లోని ఆస్తులు, అప్పుల మీద ఆధారపడుతుంది. అంతకన్నా తక్కువకు షేర్లు తీసుకుని, తేడా రూ. 50,000 దాటితే, ఆ తేడా మొత్తం కొన్నవారి ఆదాయమే. షేరు విలువ రూ. 200 అని తేలిందనుకుందాం. ఆమె రూ. 34,000 ఇచ్చి రూ. 6,80,000 విలువైన షేర్లు తీసుకున్నట్టు. తేడా రూ. 6,46,000 ఆమె ఆదాయంలో కలుస్తుంది. ఆయనకూ అంతే: చేతికి వచ్చింది రూ. 34,000 అయినా, రూ. 6,80,000కు అమ్మినట్టే మూలధన లాభం లెక్కేస్తారు. ఇద్దరికీ కళ్లచూడని డబ్బు మీద పన్ను.

కంపెనీ కొత్తగా, ఖాతాలో పెద్దగా డబ్బు లేకుండా ఉన్న రోజుల్లో ఈ విలువ పది రూపాయల దగ్గరే తేలవచ్చు. ఇన్వెస్టరు డబ్బు బ్యాంకులో పడ్డాక పెరిగిపోతుంది. కాబట్టి ఈ పన్ను ఎవరు భరించాలో, విలువ కట్టే సీఏను ఎవరు ఎంచుకోవాలో ఒప్పందంలోనే రాయాలి. ఫౌండర్లలో ఒకరు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి, లాభాలను అక్కడికి తీసుకెళ్లే పద్ధతిలో షేర్లు కొన్న ప్రవాసులైతే ఇంకో అడ్డు ఉంటుంది. ఫెమా నిబంధనల ప్రకారం ఇక్కడివారు అలాంటి ప్రవాసులకు న్యాయమైన విలువకన్నా తక్కువకు షేర్లు అమ్మకూడదు. ఇక్కడున్న స్నేహితుడు తప్పుకుంటే, అతని షేర్లను పది రూపాయలకు అమెరికాలో ఉన్న ఫౌండర్ తీసుకోవడం చాలా సందర్భాల్లో కుదరదన్నమాట. అలాంటి కంపెనీ ఒప్పందంలో, ఆ షేర్లను కొనే ఇక్కడి వ్యక్తినో ట్రస్టునో ముందే చూపించాలి.

సంతకం సంగతి కూడా చూసుకోవాలి. కోపంగా వెళ్లిపోయినవారు బదిలీ పత్రంపై సంతకం పెట్టకపోవచ్చు. కాగితపు షేర్లకు వాడే ఎస్‌హెచ్-4 ఫారంపై మొదటిరోజే సంతకం పెట్టించి దాచుకోవడం కొందరి అలవాటు. కానీ సంతకమైన 60 రోజుల్లోపు ఆ ఫారం కంపెనీకి చేరాలి. ఏడాది పాతబడిన ఫారంతో వెళ్తే తేదీ మీదే తగాదా మొదలవుతుంది. వెస్ట్ కాని షేర్ల బదిలీకి మాత్రమే పనికొచ్చేలా, రద్దు చేయడానికి వీల్లేని పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకోవడం ఇంతకన్నా నయం. షేర్లు డీమ్యాట్‌లో ఉంటే ఆ అధికారాన్ని డిపాజిటరీ పార్టిసిపెంట్ దగ్గర కూడా నమోదు చేయించాలి.

ఆర్టికల్స్‌లో లేని మాట

ఇక రెండో ప్రశ్న. ఆయనకు మిగిలిన 1,400 షేర్లను రేపు ఎవరికైనా అమ్మవచ్చా? పోటీ కంపెనీ యజమానికి అమ్మితే?

ఈ విషయంలో సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన వి.బి. రంగరాజ్ తీర్పు ఇప్పటికీ దారి చూపుతుంది. ఒక కుటుంబ కంపెనీలో ఉన్నవి 50 షేర్లు. ఇద్దరు అన్నదమ్ముల శాఖలకు చెరి 25. రెండు శాఖలూ ఎప్పటికీ సమానంగా ఉండాలని, ఎవరైనా అమ్మదలిస్తే ముందు తమ శాఖవారికే ఇవ్వాలని నోటిమాటగా అనుకున్నారు. తరవాత ఒక శాఖకు చెందిన వ్యక్తి తన షేర్లను రెండో శాఖవారికి అమ్మేశాడు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బదిలీ మీద ఇలాంటి ఆంక్ష కంపెనీ ఆర్టికల్స్‌లో లేనప్పుడు అది కంపెనీనీ కట్టిపడేయదు, షేర్‌హోల్డర్లనూ కట్టిపడేయదు అని కోర్టు తేల్చింది. అమ్మకం నిలబడింది.

మన ఇద్దరు ఫౌండర్లు నేర్చుకోవాల్సింది ఇదే. ఎంత చక్కగా రాసుకున్నా, ఎన్ని స్టాంపులు అంటించినా, బదిలీ ఆంక్షలు ఒప్పందంలో మాత్రమే ఉంటే చాలదు. అవే మాటలు ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్‌లోకి ఎక్కాలి. చాలామంది రిజిస్ట్రేషన్ వేళ చట్టంతో పాటు వచ్చే టేబుల్ ఎఫ్ అనే నమూనా ఆర్టికల్స్‌నే యథాతథంగా తీసుకుంటారు. అందులో వెస్టింగ్ ఉండదు, ఫౌండర్‌కు ముందుగా కొనే హక్కూ ఉండదు.

ఆర్టికల్స్‌లోకి ఎక్కించాల్సిన ఆంక్షల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి లాక్-ఇన్: వెస్టింగ్ సాగే నాలుగేళ్లూ రెండో ఫౌండర్ రాతపూర్వక సమ్మతి లేకుండా ఎవరూ షేర్లు అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. తాకట్టు మాట మరిచిపోతే అప్పిచ్చినవారు వచ్చి షేర్‌హోల్డరుగా కూర్చునే ప్రమాదం ఉంది. రెండోది ముందుగా కొనే హక్కు. అమ్మదలచినవారు కొనేవారి పేరు, షేర్ల సంఖ్య, ధర, చెల్లింపు షరతులు రాసి నోటీసు ఇవ్వాలి. అందిన 30 రోజుల్లో మిగిలిన ఫౌండర్ అదే ధరకు కొనవచ్చు. వద్దంటే, ఆ తరవాత 60 రోజుల్లో అదే మనిషికి, అంతకన్నా తక్కువ కాని ధరకు అమ్ముకోవచ్చు. గడువు దాటితే మళ్లీ నోటీసుతో మొదలు. ఈ చివరి గడువు లేకపోతే, ఒకసారి వద్దన్నందుకు రెండేళ్ల తరవాత సగం ధరకు ఇంకెవరికో అమ్మినా అడ్డుకోవడం కష్టం.

మరణం బదిలీ కిందికి రాదు. షేర్లు చట్టప్రకారం వారసులకు సంక్రమిస్తాయి. అందుకని దానికి విడిగా నిబంధన కావాలి: వారసులు షేర్లు ఉంచుకోవచ్చు, డివిడెండ్లూ విలువా వారివే, కానీ డైరెక్టరును నియమించే హక్కు వారికి రాదు, లేదా మిగిలిన ఫౌండర్ విలువ కట్టించి కొనుక్కోవాలి. భర్తను పోగొట్టుకున్న భార్యతో వ్యాపార తగాదా పెట్టుకోవాల్సిన పరిస్థితి ఎవరికీ రాకూడదు. ఆ ధర ఎలా కట్టాలో ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే తేల్చుకోవాలి.

ఇద్దరూ కాదన్నప్పుడు

ఇప్పుడు ఆయన వెళ్లిపోలేదనుకుందాం. నాలుగేళ్లు గడిచాయి, 4,800 చొప్పున షేర్లన్నీ వెస్ట్ అయ్యాయి. కంపెనీని చేపల ఐస్ ప్లాంట్ల వైపు విస్తరించాలని ఆయన, మిర్చి దగ్గరే ఉండాలని ఆమె. అప్పుడేం జరుగుతుంది?

ఇద్దరే డైరెక్టర్లు ఉన్నప్పుడు బోర్డు సమావేశానికి కోరం కూడా ఇద్దరే. సెక్షన్ 174 ప్రకారం మొత్తం డైరెక్టర్లలో మూడో వంతు లేదా ఇద్దరు, ఏది ఎక్కువైతే అంతమంది హాజరు కావాలి. ఒకరు రాకపోతే సమావేశమే లేదు. అంటే ఎదిరించి ఓటు వేయనక్కర్లేదు, ఇంట్లో కూర్చుంటే చాలు. కంపెనీలో ప్రతిష్టంభన మొదలైందనడానికి తొలి గుర్తు ఇదే: వరుసగా రెండు సమావేశాలు కోరం లేక వాయిదా పడటం. ఒప్పందంలో ప్రతిష్టంభనకు నిర్వచనంగా కూడా దీన్నే రాయవచ్చు. ఒకే అంశం రెండు సమావేశాల్లో తేలకపోయినా, రెండు సమావేశాలు కోరం లేక ఆగినా ప్రతిష్టంభనే.

ఇక్కడ టేబుల్ ఎఫ్‌లో చాలామంది గమనించని మాట ఒకటుంది. బోర్డులో ఓట్లు సమానమైతే చైర్మన్‌కు రెండో ఓటు ఉంటుంది. మొదటి సమావేశంలో మర్యాదకోసం ఒకరిని చైర్మన్‌గా కూర్చోబెట్టి ఉంటే, సగం సగం అనుకున్న కంపెనీ బోర్డు ఆ రోజునుంచి ఒకరి చేతిలోకి వెళ్లినట్టే. ఇద్దరూ కావాలని అలా పెట్టుకుంటే తప్పులేదు. వద్దనుకుంటే ఆర్టికల్స్‌లో ఆ ఓటు తీసేయాలి.

పరిష్కారానికి మెట్లు పెట్టుకోవాలి. మొదటి మెట్టు, ఇద్దరూ నమ్మే పెద్దమనిషి సమక్షంలో 15 రోజుల చర్చ. రెండోది 30 రోజుల మధ్యవర్తిత్వం. 2021లో హైదరాబాద్‌లో మొదలైన ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్ అండ్ మీడియేషన్ సెంటర్ లాంటి సంస్థ పేరును ముందే రాసుకోవచ్చు. లెక్కలకు సంబంధించిన తేడా అయితే ఇద్దరికీ సంబంధం లేని సీఏ మాటే తుదిమాట. ఈ కాలమంతా జీతాలు, అద్దె, పన్నులు, పాత ఆర్డర్లు గత ఏడాది బడ్జెట్ ప్రకారం నడుస్తాయని తప్పక రాయాలి. గొడవ తేలేలోపు జీతాలు ఆగితే తేల్చుకోవడానికి కంపెనీయే మిగలదు.

చివరి మెట్టు ఒకరినొకరు కొనేసుకోవడం. ఒకరు ధర చెబుతారు; ఆ ధరకు కొనాలా, అదే ధరకు తన షేర్లు అమ్మాలా అన్నది రెండోవారు ఎంచుకుంటారు. ఏ వైపుకు వెళ్తుందో తెలియదు కాబట్టి చెప్పేవారు న్యాయమైన ధరే చెబుతారని దీని వెనక ఆలోచన. ఆయన షేరుకు రూ. 2,000 అన్నారనుకుందాం. ఆమె రూ. 96 లక్షలు ఇచ్చి ఆయన వాటా కొనాలి, లేదా రూ. 96 లక్షలు తీసుకుని బయటికి వెళ్లాలి.

ఇద్దరి చేతిలోనూ డబ్బున్నప్పుడే ఈ న్యాయం నిలుస్తుంది. ఆయనది ఆస్తిపరుల కుటుంబమై, ఆమెకు జీతం తప్ప మరో ఆధారం లేకపోతే, ఆమె రూ. 57,60,000 కూడా తేలేదని తెలిసి ఆయన షేరుకు రూ. 1,200 మాత్రమే చెప్పవచ్చు. ఆమె అమ్మక తప్పదు. దీన్ని అడ్డుకోవడానికి మూడు మాటలు చేర్చాలి. రిజిస్టర్డ్ వాల్యుయర్ కట్టిన విలువలో 90 శాతానికి తగ్గిన ధర చెప్పకూడదు. కొనేవారు పావువంతు ముందు ఇచ్చి, మిగతాది ఏడాదిలో కట్టవచ్చు. అంతవరకు ఆ షేర్లు అమ్మినవారి దగ్గర తాకట్టులో ఉంటాయి. కంపెనీ పెట్టిన మొదటి మూడేళ్లలో ఈ మెట్టు ఎక్కకూడదు.

ఇవేవీ రాసుకోకపోతే మిగిలేది నేషనల్ కంపెనీ లా ట్రైబ్యునల్. పదో వంతు షేర్లున్న సభ్యులు సెక్షన్ 241 కింద, కంపెనీ వ్యవహారాలు అన్యాయంగా నడుస్తున్నాయని పిటిషన్ వేయవచ్చు. తెలంగాణ వారికి హైదరాబాద్ బెంచ్, ఆంధ్రప్రదేశ్ వారికి అమరావతి బెంచ్ ఉన్నాయి. ఒకరి షేర్లు మరొకరు కొనాలని ఆదేశించే అధికారం ట్రైబ్యునల్‌కు ఉంది. అంటే వాదనలన్నీ ముగిశాక కూడా తరచూ తేలేది అదే కొనుగోలు. అప్పటికి ధర, గడువు మాత్రం మీ చేతిలో ఉండవు. మొదటి ఉదాహరణలో 14.6 శాతంతో వెళ్లిపోయిన ఆయనకూ ఈ తలుపు తెరిచే ఉంటుందని ఆమె గుర్తుంచుకోవాలి.

సంతకాల వరస

ఒప్పందం మీద ఫౌండర్లిద్దరితోపాటు కంపెనీ కూడా సంతకం చేయాలి. లేకపోతే నియమం తప్పిన బదిలీని నమోదు చేయనని కంపెనీ మాట ఇచ్చినట్టు కాదు. రాష్ట్రాన్ని బట్టి స్టాంపు డ్యూటీ చెల్లించాలి. వెంటనే సర్వసభ్య సమావేశం పెట్టి, ప్రత్యేక తీర్మానంతో ఆర్టికల్స్ మార్చి, 30 రోజుల్లో ఎంజీటీ-14 ఫారం దాఖలు చేయాలి. వెస్టింగ్, బదిలీ, ప్రతిష్టంభన నిబంధనలను మార్చాలంటే సభ్యులందరి సమ్మతీ కావాలని సెక్షన్ 5 కింద ఆర్టికల్స్‌లోనే కట్టుదిట్టం చేసుకోవచ్చు. అప్పుడు రేపు 85 శాతం చేతిలో ఉన్నవారు కూడా ఒంటరిగా ఆ మాటలు చెరిపేయలేరు.

ఇదంతా ఇన్వెస్టరు రాకముందే జరగాలి. ఇన్వెస్టరు వచ్చాక వెస్టింగ్ ఎలాగూ అడుగుతారు, కొన్నిసార్లు లెక్క మళ్లీ మొదటినుంచి పెట్టమంటారు. అప్పటికే నడుస్తున్న లెక్క ఒకటి రాతలో ఉంటే, గడిచిన నెలలకు వెస్ట్ అయిన షేర్లను అలాగే ఉంచమని ఫౌండర్లు గట్టిగా అడగగలరు. సంతకం పెట్టే ముందు చివరగా ఒక పని చేయాలి. ఒప్పందంలోని ప్రతి నిబంధనలో అసలు తేదీ, అసలు షేర్ల సంఖ్య పెట్టి, ఎవరు ఎవరికి ఎంత చెల్లిస్తారో, ఏ కాగితం మీద ఎవరు సంతకం చేస్తారో ఇద్దరూ కలిసి కూర్చుని లెక్క వేసి చూడాలి. లెక్క తేలని నిబంధన ఏదైనా ఉంటే ఆ రోజే తిరగరాయాలి.